పనికంటే ముందు నడిచే బిల్లు: ఎ.ఎస్. 7 చదివిన తీరు

సి.ఎ. ఇంటర్ అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో ఎ.ఎస్. 7, అంటే నిర్మాణ ఒప్పందాల ప్రమాణం, చూడడానికి చిన్నది. అందుకే చాలామంది దాన్ని చివరి వారానికి వదిలేస్తారు. నేను కర్నూలులో ఆర్టికల్‌షిప్ చేస్తూ చదివాను. మా ఆఫీసుకు వచ్చే ఫైళ్లలో కాంట్రాక్టర్లవి ఎక్కువ కావడంతో ఈ పాఠంలోని ఒక్క విషయం మీద చాలా సమయం పెట్టాను. చేసిన పనికంటే వేసిన బిల్లు ఎక్కువైతే ఖాతాల్లో ఏం రాయాలన్నదే ఆ విషయం. మోడల్ పేపర్లలో మనవాళ్లు తడబడేది కూడా ఎక్కువగా ఇక్కడే.

ముందుగా బిల్లు పనిని ఎందుకు దాటిపోతుందో తెలియాలి. కాంట్రాక్టరు రేట్లు వేసేటప్పుడు మొదట వచ్చే పనులకు, అంటే మట్టి తవ్వకానికి, పునాదికి, ఫుటింగు కాంక్రీటుకు కాస్త ఎక్కువ వేసి, చివర్లో వచ్చే ఫ్లోరింగుకు, రంగులకు తక్కువ వేస్తాడు. మొత్తం ధర మారదు, డబ్బు మాత్రం ముందే చేతికి వస్తుంది. కొలతల పుస్తకం, అదే ఎం.బుక్, తెరిచి చూస్తే పొడవు, వెడల్పు, లోతు, వాటి పక్కన పరిమాణం, ఆ తర్వాత రేటు ఉంటాయి. పరిమాణం నిజమైనదే, ఇంజినీరు కొలిచి సంతకం పెట్టినదే. ఎక్కువగా ఉన్నది రేటు. కాబట్టి పని సాగుతుండగా వేసే ఆ ఆర్.ఎ. బిల్లులో అబద్ధం లేదు, అలాగని అది పని ఎంత శాతం అయిందో చెప్పదు కూడా. ఈ తేడా మనసులో నాటుకుంటే మిగతా పాఠం తేలికవుతుంది.

నేను సాధన కోసం తయారు చేసుకున్న లెక్క ఇది. కర్నూలు శివారులో ఒక కళాశాల భవనం అనుకోండి. ఒప్పందం ధర 1000 లక్షలు, మొత్తం ఖర్చు అంచనా 800 లక్షలు. మొదటి ఏడాది మార్చి 31 నాటికి అయిన ఖర్చు 280 లక్షలు. అందులో 40 లక్షలు ఫ్లోరింగు కోసం తెప్పించి సైటులో పేర్చిపెట్టిన బేతంచెర్ల బండల ఖరీదు. ఒక్క బండ కూడా ఇంకా పరవలేదు. ఏడాదిలో వేసిన బిల్లులు 420 లక్షలు. అందులో 5 శాతం, అంటే 21 లక్షలు, రిటెన్షన్ కింద ఆపుకొని 399 లక్షలు చెల్లించారు.

పని ఎంత శాతం పూర్తయిందో ఇక్కడ ఖర్చును బట్టి లెక్కగడదాం. కానీ పరవని బండలు పని కాదు, ఆ ఒప్పందం కోసమే ప్రత్యేకంగా తయారు చేయించినవి అయితే తప్ప. కాబట్టి 280 నుంచి 40 తీసేస్తే 240. దాన్ని 800తో భాగిస్తే 30 శాతం. ఆదాయం 300 లక్షలు, దానికి ఖర్చు 240, లాభం 60. బిల్లు 420 కదా అని ఆదాయంగా 420 రాస్తే చేయని పనికి లాభం చూపినట్టవుతుంది.

మరి బిల్లుకూ ఆదాయానికీ మధ్య ఉన్న 120 ఎక్కడికి పోతుంది? ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. బ్యాలెన్స్ షీటులో చూపే మొత్తానికి ఎ.ఎస్. 7 సూత్రం ఇది: ఇప్పటివరకు అయిన ఖర్చు, దానికి గుర్తించిన లాభం కలిపి, గుర్తించిన నష్టం ఉంటే తీసేసి, అందులోంచి బిల్లులు తీసేయాలి. ఈ సూత్రంలో ఖర్చు అంటే మొత్తం 280, 240 కాదు. ప్రమాణం అనుబంధంలోని ఉదాహరణలో కూడా భవిష్యత్తు పనికి చెందిన ఖర్చును ఇందులో కలిపే చూపారు. 280కి 60 కలిపి 420 తీసేస్తే మైనస్ 80. అంటే యజమానికి మనం ఇంకా చేసిపెట్టాల్సిన పని విలువగా 80 లక్షలు అప్పుల వైపు, ‘గ్రాస్ అమౌంట్ డ్యూ టు కస్టమర్స్’ అన్న పేరుతో చూపాలి. 120 నుంచి 40 తగ్గడానికి కారణం బండలు. వాటికి డబ్బు పెట్టాం కాబట్టి ఆ మేరకు మన బాధ్యత తగ్గింది. శాతం లెక్కలో బండలు తీసేసి, ఇక్కడ కలపడం వింతగా కనిపిస్తుంది కానీ, రెండు లెక్కలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఈ 80లో 399కి గానీ 21కి గానీ పాత్ర లేదు. తీసేయాల్సింది బిల్లు మొత్తాన్ని, వచ్చిన నగదును కాదు. రిటెన్షన్‌ను విడిగా చూపాలి. పని మొదలుకాకముందు ఇచ్చే మొబిలైజేషన్ అడ్వాన్సూ అంతే. అది బిల్లు కాదు కాబట్టి విడిగా తెలపాలి.

రెండో ఏడాది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అంచనా 840కి పెరిగింది. వాడిన ఖర్చు మొదటి నుంచి చూస్తే 588, బండలన్నీ పరిచేశారు. అంటే 70 శాతం. మొత్తం ఆదాయం 700, అందులో నిరుడు చూపిన 300 తీసేస్తే ఈ ఏడాది 400. మొత్తం లాభం 112, నిరుటి 60 పోగా 52. మొదటి ఏడాది ఖాతాలను తిరగరాయనక్కర లేదు. అంచనా మార్పు ప్రభావమంతా ఈ ఏడాదిలోనే పడుతుంది. బిల్లులు మొత్తం 750 అయ్యాయి, అంటే ఈ ఏడాది వేసినవి 330 మాత్రమే. ఆదాయం 400, బిల్లు 330. నిరుడు ముందు నడిచిన బిల్లు ఈ ఏడాది వెనకబడింది. బాధ్యత 588కి 112 కలిపి 750 తీసేస్తే 50కి తగ్గింది. లాభం బాగున్నా కాంట్రాక్టరుకు నగదు ఇబ్బంది వచ్చేది ఇలాంటి ఏడాదిలోనే. నిరుటి డబ్బు వేరే సైటుకు మళ్లించి ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అంచనా 840 కాక 1040 అయిందనుకోండి. వాడిన ఖర్చు 728, అదీ 70 శాతమే. ధర 1000 కాబట్టి మొత్తం నష్టం 40. ఇప్పటివరకు చేసిన పని మీద నష్టం 28 అయినా, మిగతా 12 కూడా ఇప్పుడే ఖర్చుగా రాయాలి. రానున్న నష్టాన్ని వాయిదా వేయడానికి ప్రమాణం ఒప్పుకోదు. బాధ్యత 728 నుంచి 40, 750 తీసేస్తే 62. దీన్ని మరో దారిలో సరిచూడవచ్చు. ఇంకా పెట్టాల్సిన ఖర్చు 312, ఇంకా వేయగల బిల్లు 250. తేడా 62. ముందుగా బిల్లు వేసుకున్న ఒప్పందంలో బ్యాంకు ఖాతా నిండుగా కనిపిస్తుంది కాబట్టి నష్టం కంటికి ఆనదు. అందుకే ఆడిట్‌లో నేను ముందు అడిగేది మిగిలిన ఖర్చు, మిగిలిన బిల్లు అన్న ఈ రెండు అంకెలనే.

లాభం ఉన్న ఒప్పందంలో సరిచూసుకునే తీరు కాస్త వేరు. రెండో ఏడాది లెక్కలో ఇంకా చూపాల్సిన ఆదాయం 300, వేయాల్సిన బిల్లు 250, తేడా 50 రావాలి, వచ్చింది. మొదటి ఏడాదికి 700, 580. తేడా 120, అందులో బండల 40 తీసేస్తే 80. పరీక్షలో జవాబు పక్కన ఈ చిన్న సరిచూపు రాయడానికి ఒక్క నిమిషం చాలు.

ప్రశ్నలో రెండు ఒప్పందాలు ఇచ్చి, ఒకదానిలో బిల్లు ముందు, మరొకదానిలో పని ముందు ఉంటే, రెండింటినీ కలిపి తేడా చూపవద్దు. పని ముందున్నది ఆస్తుల వైపు, బిల్లు ముందున్నది అప్పుల వైపు విడివిడిగా వెళ్తాయి.