కొత్త ఫోన్‌లోకి అథెంటికేటర్ కోడ్‌లు: పాతది చేతిలో ఉండగానే చేసిన పని

తిరుపతి గాంధీ రోడ్డులో కొత్త ఫోన్ కొన్నప్పుడు, పాతది ఎక్స్ఛేంజ్‌లో అప్పుడే ఇచ్చేయమన్నాడు షాపబ్బాయి. "అంతా క్లోన్‌లో వచ్చేస్తాదన్నా, ఫోటోలు, వాట్సాప్, యాప్‌లు అన్నీ" అన్నాడు. ఫోటోలు, యాప్‌లు వచ్చాయి, నిజమే. పాస్‌వర్డ్ తర్వాత సైట్లు అడిగే ఆరంకెల కోడ్ చూపించే గూగుల్ అథెంటికేటర్‌ని కొత్త ఫోన్‌లో తెరిస్తే మాత్రం లోపల ఒక్క ఎకౌంట్ కూడా లేదు. పాత ఫోన్ రెండు మూడు రోజులాగి ఇస్తానని ఒప్పించి ఇంటికి తెచ్చుకున్నాను.

యాప్ వచ్చి కోడ్‌లు ఎందుకు రాలేదంటే, ఆ ఆరంకెల కోడ్ ఎక్కడి నుంచో మెసేజ్‌లాగా వచ్చేది కాదు. మొదట్లో క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య కీ ఫోన్‌లో చేరుతుంది. ఆ కీని, అప్పటి టైమును కలిపి లెక్కకట్టి ఫోనే 30 సెకన్లకొక కోడ్ తయారు చేస్తుంది. అందుకే నెట్ లేకపోయినా కోడ్ వస్తుంది. సిమ్ మార్చినా దీనికి సంబంధం లేదు. కొత్త ఫోన్‌కి చేరాల్సింది ఆ కీ.

పాత ఫోన్‌లో యాప్ మెనూలో Transfer accounts, అందులో Export accounts నొక్కాను. ఫోన్ లాక్ అడిగింది, తర్వాత ఎకౌంట్లు ఎంచుకోమంది. ఎకౌంట్లు ఎక్కువుంటే ఒకటికి మించి క్యూఆర్‌లు వస్తాయి. నాకూ అలాగే వచ్చాయి. మొదటిది స్కాన్ చేసి అయిపోయిందనుకుంటే మిగతావి అక్కడే ఉండిపోతాయి. కొత్త ఫోన్‌లో Import accounts తెరిచి వరసగా అన్నీ స్కాన్ చేశాను. ఈ క్యూఆర్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి దాచుకుందామని ఎవరికైనా అనిపించవచ్చు. వద్దే వద్దు. అందులో ఉన్నవి రహస్య కీలే. ఆ ఫోటో ఎవరి చేతికి చిక్కినా వాళ్ల ఫోన్‌లోనూ మన కోడ్‌లే వస్తాయి.

ఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన పాత ఫోన్‌లో కోడ్‌లు ఆగిపోవు. అది మనకు మంచిదే. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఎకౌంటూ సరిచూశాను. రెండింట్లోనూ అవే ఆరంకెలు, ఒకేసారి మారుతున్నాయి. అంకెలు తేడాగా ఉంటే మొదట చూడాల్సింది టైము. సెట్టింగ్స్‌లో డేట్, టైమ్ ఆటోమేటిక్‌గా ఉండాలి. గడియారం కొన్ని నిమిషాలు అటూ ఇటూ అయినా సైటు ఆ కోడ్‌ను ఒప్పుకోదు.

అంకెలు కలిసినా నేను అక్కడితో ఆగలేదు. ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లో లాగిన్లన్నీ అలాగే ఉంచి, ఇన్‌కాగ్నిటో విండోలో ఒక్కో సైటుకీ పాస్‌వర్డ్, కొత్త ఫోన్ కోడ్ కొట్టి లోపలికి వెళ్లాను. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి మామూలు విండోలో లాగినై ఉన్న సెషన్ కావాలి. జీమెయిల్, గిట్‌హబ్, షేర్ల ట్రేడింగ్ ఎకౌంట్ అన్నీ తెరుచుకున్నాయి.

తీరు వేరుగా ఉన్నది ఆఫీసు ఎకౌంటే. అది మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్‌లో ఉంది. లాగిన్ చేస్తే స్క్రీన్ మీద రెండంకెల నంబరు కనిపిస్తుంది, దాన్ని ఫోన్‌లో కొట్టి అప్రూవ్ చేయాలి. ఈ అప్రూవల్ ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. బ్యాకప్ నుంచి పేరు కొత్త ఫోన్‌లోకి వచ్చినా మళ్లీ రిజిస్టర్ చేయక తప్పదు. ల్యాప్‌టాప్‌లో mysignins.microsoft.com/security-info తెరిచి Add sign-in method నొక్కితే, ముందు పాత ఫోన్‌లో అప్రూవ్ చేయమంది. చేశాక వచ్చిన క్యూఆర్‌ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేసి, టెస్ట్ అప్రూవల్ అయ్యాకే పాత ఫోన్ పేరు డిలీట్ చేశాను. షాపులోనే పాతది ఇచ్చేసి ఉంటే ఈ అప్రూవల్‌కి దారి లేదు. ఆఫీసు ఐటీ వాళ్లు రీసెట్ చేసేదాకా కూర్చోవాల్సిందే.

గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి గూగుల్ ఎకౌంట్‌కి సింక్ చేసుకునే వీలుంది. అది పెట్టుకుంటే ఫోన్ పోయినా కోడ్‌లు తిరిగొస్తాయి. కానీ ఆ గూగుల్ ఎకౌంట్‌లోకి వెళ్లడానికే యాప్‌లోని కోడ్ కావాల్సి వస్తే? అందుకని జీమెయిల్ బ్యాకప్ కోడ్‌లు కొత్తగా తీసుకున్నాను. ఎనిమిదంకెలవి పది ఇస్తారు, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త సెట్ తీసుకుంటే పాతది చెల్లదు. గిట్‌హబ్ రికవరీ కోడ్‌లు కూడా కలిపి ప్రింట్ తీసి, ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టాను. ఎక్కడున్నాయో మా ఆవిడకీ చూపించాను. ఆ తర్వాతే పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాను.