I, l, 1: మా ఫిజిక్స్ పేపర్‌కి ఫాంట్ దొరికిన తీరు

బెంగళూరులో ఒక పీయూ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ప్రిపరేటరీ పరీక్షలో అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగ మీద బలం ఎంతో అడిగిన ఒక మార్కు ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు ఇచ్చారు: BIl, Bl/I, BI/l, B/Il. పేపర్ ఏరియల్‌లో కొట్టారు. అందులో రెండో ఆప్షనూ మూడోదీ చూడ్డానికి ఒకటే. I కరెంటు, l పొడవు, రెండూ నిలువు గీతలే. ఇన్విజిలేటర్‌ని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు!

తర్వాతి పేపర్‌కి ఫాంట్ చూడమని ప్రిన్సిపాల్ నాకే అప్పజెప్పారు. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర డీటీపీ చేసే అబ్బాయి, "మేడమ్, ఆ నాలుగు ఆప్షన్లే ఒక్కో ఫాంట్‌లో కొట్టి ఇస్తాను, చూసుకోండి" అన్నాడు. దాని కింద −0.5, 10, 1.1 కూడా వేయించాను.

అట్కిన్‌సన్ హైపర్‌లెజిబుల్ నాకు బాగా నచ్చింది. చూపు తక్కువ ఉన్నవాళ్ల కోసం బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ చేయించిన ఉచిత ఫాంట్ అది. అందులో I కి పైనా కిందా అడ్డగీతలు, l కి కింద తోక ఉంటాయి. కానీ సున్నా మీద గీత ఉంటుంది. అది శూన్యసమితి గుర్తులా ఉందని లెక్కల సార్ ఒప్పుకోలేదు. నిజమే మరి.

చివరికి వెర్దానా తీసుకున్నాం. విండోస్‌తోనే వస్తుంది. l ఒట్టి గీతే అయినా I కి అడ్డగీతలు, 1 కి జెండా, పీఠం ఉన్నాయి కాబట్టి మూడూ కలవవు. అక్షరాలు వెడల్పు, పేజీలు పెరుగుతాయి. అయితే చిన్న సైజులోనూ పెద్దగా కనిపిస్తుంది కనుక 10 పాయింట్లతో సర్దుకున్నాం.

ఇక గుర్తులు. పిల్లల చేతికి వచ్చేది జిరాక్స్ కాపీ కాబట్టి జిరాక్స్‌కి జిరాక్స్ తీయించి చూశాను. .5 లో చుక్క చెరిగి 5 అయింది. అందుకే ముందు సున్నా తప్పనిసరి చేశాం. మైనస్ బదులు హైఫన్ కొడితే పొట్టిగా ఉండడమే కాదు, లైను చివర అదొక్కటే మిగిలి అంకె కింది లైనుకి జారుతుంది. వర్డ్‌లో 2212 కొట్టి Alt+X నొక్కితే అసలు మైనస్ వస్తుంది. లీటరుకి L రాయించాం. 1 తో కలవకూడదనే 1979లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ పెద్ద L ని కూడా ఒప్పుకుంది.

ఈక్వేషన్ ఎడిటర్‌లో రాసినవి మాత్రం వెర్దానాలోకి మారవు, కేంబ్రియా మ్యాథ్‌లోనే ఉంటాయి. వాటిని విడిగా సరిచూడాలి. ప్రెస్‌కి డాక్ ఫైలు పంపితే, అక్కడి కంప్యూటర్‌లో మన ఫాంట్ లేకపోతే వేరేది ఎక్కేస్తుంది. అందుకని పీడీఎఫ్ పంపుతాం. పంపేముందు దాని ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ తెరిచి, ప్రతి పేరు పక్కనా Embedded అని ఉందో లేదో ఆ అబ్బాయి చూస్తాడు.