3.2 ఓవర్ల దగ్గర ఆగిన ఛేజ్: వాన మ్యాచ్ స్లిప్ నేను ఎలా చదువుతానంటే

వాన పడిన మ్యాచ్ స్లిప్ చేతికొస్తే నేను స్కోరు కన్నా ముందు రెండు సంగతులు చూస్తాను. బెట్ ఎప్పుడు పెట్టారు? అప్పటికి ఇన్నింగ్స్ ఎన్ని ఓవర్లు? గొడవలన్నీ అక్కడే పుడతాయి. లండన్‌లో ఉండే మా తమ్ముడు అడిగే సందేహాలకీ నాది ఇదే వరస. (మన దేశంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని 2025 చట్టం నిషేధించింది. బెంగళూరులో ఉన్న నాకు ఇది లెక్క వరకే.)

2019 ఏప్రిల్ 30న ఇక్కడి చిన్నస్వామిలో జరిగిన బెంగళూరు, రాజస్థాన్ మ్యాచ్ తీసుకోండి. వాన వల్ల చెరో 5 ఓవర్లకి కుదించారు. బెంగళూరు 62/7. రాజస్థాన్ 3.2 ఓవర్లలో 41/1 దగ్గర ఉండగా మళ్లీ వాన, ఇక ఆట లేదు.

10 బంతుల్లో 22 చాలు, రాజస్థాన్ గెలిచేసినట్టే అనిపిస్తుంది. కానీ టీ20లో ఫలితం తేలాలంటే రెండో జట్టు కనీసం 5 ఓవర్లు ఆడాలి, లేదా ఆలోపే ఆలౌట్ కావాలి, లేదా లక్ష్యం కొట్టాలి. మూడూ జరగలేదు. అధికారికంగా ఫలితం లేదు కాబట్టి విజేత మీద పెట్టిన డబ్బు మామూలుగా రద్దయి, అసలు వెనక్కొస్తుంది. అదే బెట్ నాలుగైదు మ్యాచ్‌లు కలిపిన ఆక్యుమ్యులేటర్‌లో ఉంటే, ఆ ఒక్కదాని రేటు 1.00 అవుతుంది, మిగతావి నడుస్తాయి.

మ్యాచ్‌కి ముందు ఎవరైనా 'బెంగళూరు 165.5 కన్నా తక్కువ' అని పెట్టి ఉంటే? 62 తక్కువేగా, గెలిచానంటారు. లేదు. 165.5 అనే ఆ పరుగుల గీత బెట్టింగ్ కంపెనీ 20 ఓవర్లకి గీసింది. ఓవర్లు తగ్గితే చాలా కంపెనీల నిబంధన ప్రకారం అది రద్దే. కోత పడేలోపే స్కోరు గీత దాటి ఉంటే మాత్రం చెల్లిస్తారు, ఎందుకంటే ఆ బెట్ అప్పటికే తేలిపోయింది. 5 ఓవర్లని ప్రకటించాక కొత్త గీత మీద పెట్టినవీ, పూర్తయిన మొదటి ఓవర్ పరుగుల మీద పెట్టినవీ మామూలుగా నిలుస్తాయి. జట్టు టాప్ బ్యాటర్ సంగతే చిక్కు: 25 కొట్టిన కోహ్లీయే టాప్, కానీ కొన్ని కంపెనీలు దీనికి కనీస ఓవర్లు పెడతాయి. ఆ ఒక్క వాక్యం ముందే వెతుక్కోవాలి.

లక్ష్యం మారినప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది. 2023 ఐపీఎల్ ఫైనల్లో గుజరాత్ 214/4 చేసింది, వాన తర్వాత చెన్నైకి 15 ఓవర్లలో 171 ఇచ్చారు. చెన్నై 171/5తో గెలిచింది. డీఎల్ఎస్ గెలుపూ గెలుపే, విజేత బెట్ చెల్లుతుంది. గుజరాత్ 20 ఓవర్లూ ఆడింది కాబట్టి దాని గీతలు నిలుస్తాయి. చెన్నై 20 ఓవర్ల గీతలు మాత్రం తేలకుండా ఉంటే రద్దు. ఆ ఫైనల్ మే 28 నుంచి రిజర్వ్ డేకి వాయిదా పడింది కూడా. అలాంటప్పుడు బెట్ ఎన్ని గంటల వరకు బతికి ఉంటుందో చెప్పే నిబంధన కంపెనీకొకటి.