మోటార్ తిరగ్గానే అంతా మళ్ళీ మొదటికి

సబ్మిషన్‌కి ఇంకా కొద్ది రోజులే ఉందనగా, మూలన పడేసిన మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుని మళ్ళీ బయటికి తీశాం, నేనూ మా ఫ్రెండూ. మట్టిలో తడి తగ్గితే మొక్కకి దానంతటదే నీళ్ళు పెట్టే ఆర్డుయినో సెటప్ అది. వదిలేయడానికి కారణం ఒక్కటే, మోటార్ ఆన్ అవ్వగానే అంతా ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చేది.

ఈసారి మావాడు లాజిక్ జోలికే పోలేదు. బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారే నడిచే `setup()` లో `Start` అని ప్రింట్ చేసే ఒక్క లైను పెట్టి సీరియల్ మానిటర్ చూస్తూ కూర్చున్నాడు. మోటార్ కదిలిన ప్రతిసారీ తెర మీద మళ్ళీ `Start` పడుతోంది!

"ఒరేయ్, కోడ్ బాగానే ఉందిరా, బోర్డే రీసెట్ అవుతోంది" అన్నాడు.

మోటార్‌కి కూడా బోర్డు 5 వోల్టుల పిన్ నుంచే కరెంట్ ఇస్తున్నాం. మోటార్ మొదలయ్యే ఆ క్షణంలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంట్ లాగుతుంది, దాంతో వోల్టేజ్ పడిపోయి చిప్ మళ్ళీ మొదలవుతుంది. మోటార్‌కి వేరే బ్యాటరీ పెట్టాం, మోటార్ రెండు వైర్ల మధ్య ఒక డయోడ్ కూడా, గీత ఉన్న వైపు ప్లస్‌కి. అయినా మోటార్ కదల్లేదు, భలే టెన్షన్ పడ్డాం. ట్రాన్సిస్టర్‌తో నడుపుతున్నాం కదా, బ్యాటరీ మైనస్‌ని బోర్డు గ్రౌండ్‌తో కలపాలి. కలిపాం, తిరిగింది! `Start` ఒక్కసారే పడింది. ఆ ఆనందం చెప్పలేను.

తుప్పు పట్టిన తడి సెన్సర్ మార్చి, దానికి రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే కరెంట్ వెళ్ళేలా పెట్టి, అదే రాత్రి రిపోర్ట్ మొదలుపెట్టాం.