నాన్న అఫిడవిట్‌ని జర్మన్‌లోకి మార్పించిన కథ: నా అనుభవం

జర్మనీలో పెళ్ళి రిజిస్టర్ చేసుకోవాలంటే, ఈ మనిషికి పెళ్ళాడే అర్హత ఉందని సొంత దేశం ఇచ్చిన ధ్రువపత్రం తెమ్మంటారు. మన దేశంలో అలాంటి కాగితం ఇచ్చే ఆఫీసే లేదు. అందుకని అది లేకుండా అనుమతించమని, వాళ్ళ పౌరస్మృతి బిజిబి 1309వ సెక్షన్ కింద, ఆ ప్రాంతపు పెద్ద కోర్టు ఓబర్‌లాండెస్‌గెరిష్ట్‌కి దరఖాస్తు పెట్టాలి. దాన్ని ష్టాండెసామ్ట్ వాళ్ళే, అంటే పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళే పంపుతారు. ఆ ఫైలులో పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం తేలిగ్గానే దాటిపోయాయి. నాకు చుక్కలు చూపించింది మా నాన్న ఇచ్చిన రెండు పేజీల అఫిడవిట్, ‘మా అమ్మాయికి ఇంతవరకూ పెళ్ళి కాలేదు’ అన్నది.

ఊళ్ళో లాయరుగారు ఇంగ్లీషులో టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించారు. హైదరాబాదులో ఒక అనువాద సంస్థ జర్మన్‌లోకి మార్చి, తళతళలాడే హోలోగ్రామ్ అంటించి మరీ పంపింది. ష్టాండెసామ్ట్‌లో కూర్చున్న ఆవిడ అది చదివి, కళ్ళజోడు మీంచి చూస్తూ, ‘మీకు విడాకులు ఎప్పుడయ్యాయి? ఆ తీర్పు కాపీ ఎక్కడ?’ అని అడిగింది. పక్కన కాబోయే అత్తగారు కూర్చుని ఉన్నారు.

విషయం ఏమిటంటే, అనువాదంలో నన్ను ‘ఉన్‌ఫెర్‌హైరాటెట్’ అన్నారు. ఆ మాటకి ప్రస్తుతం పెళ్ళి బంధంలో లేని మనిషి అని అర్థం. విడాకులు తీసుకున్నవాళ్ళకీ, భర్త పోయినవాళ్ళకీ కూడా అది సరిపోతుంది. అసలు పెళ్ళే కానివాళ్ళకి రిజిస్టరులో రాసే మాట ‘లేడిష్’. నాన్న అఫిడవిట్‌లో ‘అన్‌మ్యారీడ్’ అనే ఉంది, కానీ తర్వాతి వాక్యంలో ఇంతకుముందు ఎవరితోనూ ఏ ఆచారం ప్రకారమూ పెళ్ళి జరగలేదని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యాన్ని అనువాదకుడు ‘అదే విషయం మళ్ళీ చెప్పారు’ అనుకున్నాడో ఏమో, ఎత్తేశాడు. కోర్టు కాగితంలో రెండుసార్లు చెప్పింది రెండుసార్లూ రావాలి.

రెండో తప్పు ఇంకా లోతైనది. పైన శీర్షికలో ‘అఫిడవిట్’ అన్న చోట ‘ఐదెస్‌ష్టాట్‌లిషె ఫెర్‌జిషెరుంగ్’ అని పెట్టారు. నిఘంటువులు చాలావరకు అదే చూపిస్తాయి. కానీ జర్మన్ చట్టంలో అది ప్రమాణం కాదు, ప్రమాణానికి బదులుగా ఇచ్చే హామీ. వాళ్ళ శిక్షాస్మృతి 156వ సెక్షన్ ప్రకారం, అలాంటి హామీ తీసుకునే అధికారం ఉన్న ఆఫీసు ముందు అబద్ధం చెబితే మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా. మన అఫిడవిట్ అలా కాదు. 1952 నోటరీల చట్టం ప్రకారం నోటరీ ప్రమాణం చేయించవచ్చు, 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరెత్తకుండా ‘సాలెమ్న్‌లీ అఫర్మ్’ అనీ చెప్పవచ్చు. అంటే మనది నిజంగానే ప్రమాణం చేసి చెప్పిన మాట. దాన్ని జర్మన్‌లో ఒక మెట్టు కింద దించి రాస్తే ‘ఈ హామీ తీసుకునే అధికారం ఆ నోటరీకి ఎక్కడిది?’ అన్న ప్రశ్న వస్తుంది. నాకు వచ్చింది కూడా. సరైన పద్ధతి: శీర్షికలో ‘అఫిడవిట్’ అన్న మాటని అలాగే ఉంచి, పక్కన ‘ఎర్‌క్లేరుంగ్ ఉంటర్ ఐట్’, ప్రమాణపూర్వక ప్రకటన అని రాయడం. ‘అఫర్మ్’ అన్న చోట ధ్రువపరచడం అని అర్థమొచ్చే ‘బెక్రెఫ్టిగెన్’ వాడాలి, ‘ఆన్ ఐదెస్ ష్టాట్’, అంటే ప్రమాణానికి బదులుగా అని ఎక్కడా రాకూడదు.

నోటరీ మాట కూడా ఇంతే. జర్మనీలో నోటార్ అంటే న్యాయశాస్త్రం చదివి, దస్తావేజు తానే తయారుచేసి, చదివి వినిపించి సంతకాలు పెట్టించే అధికారి. మన నోటరీ పబ్లిక్ చేసే పని అది కాదు. అందుకే ‘నోటరీ పబ్లిక్’ అని ఇంగ్లీషు పేరే ఉంచి, కింద అనువాదకుడి గమనికగా ఇండియా చట్టం ప్రకారం ప్రమాణం చేయించే, సంతకం ధ్రువీకరించే వ్యక్తి అని ఒక వాక్యం రాయించాలి. ‘అటెస్టెడ్’ అన్నదాన్ని ‘బెఉర్‌కుండెట్’ అని రాస్తే నోటారే దస్తావేజు రాసినట్టు అవుతుంది. ధ్రువీకరించారు అని చెప్పే ‘బెగ్లావ్‌బిగ్ట్’ చాలు.

ఇక్కడ అనువాదకుడు కూడా బాగుచేయలేని సంగతి ఒకటుంది. నాన్న కాగితం మీద నోటరీ ‘అటెస్టెడ్’ ముద్ర మాత్రమే కొట్టాడు, ‘నా ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టారు’ అన్న వాక్యం లేదు. లేని వాక్యాన్ని జర్మన్‌లో ఎవరూ పుట్టించలేరు, పుట్టిస్తే అది ఫోర్జరీ. అఫిడవిట్ మళ్ళీ రాయించాల్సి వచ్చింది. ఈసారి కింద ఊరు, తేదీ, ప్రమాణం చేసి తన ఎదుట సంతకం పెట్టారన్న మాట, నోటరీ రిజిస్టరు నంబరు, అన్నీ ఉండేలా నాన్న దగ్గరుండి చూసుకున్నారు. ఐదు నిమిషాల్లో ముద్ర కొట్టి పంపే నోటరీ దగ్గరికి వెళ్ళకండి, అంతే.

మళ్ళీ రాయిస్తున్నాం కదా అని మరో రెండు సర్దించాను. పాస్‌పోర్టులో ‘లక్ష్మి’ ఒక స్పెల్లింగు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోటి. అనువాదకుడికి పేరు దిద్దే హక్కు లేదు, ఎలా ఉంటే అలా దించుతారు. కాబట్టి ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్‌లోనే ఒక పేరా పెట్టించాలి. తేదీల్లో నెలను అంకెతో కాకుండా పేరుతో రాయించాలి. ‘వయసు సుమారు 58’ అని మనవాళ్ళు అలవాటుగా రాస్తారు, దానికి జర్మన్‌లో ‘త్సిర్కా’ అని రావాలి. దాన్ని లెక్కగట్టి పుట్టిన సంవత్సరం రాసే అతితెలివి అనువాదకులున్నారు.

అనువాదం మాత్రం జర్మనీలో కోర్టు ప్రమాణం చేయించిన అనువాదకుల చేతనే చేయించండి. హోలోగ్రామ్‌కి అక్కడ విలువ లేదు. justiz-dolmetscher.de లో భాష, ఊరు పెట్టి వెతికితే జాబితా వస్తుంది. తెలుగుకి దొరికేవాళ్ళు తక్కువ, అందుకే అఫిడవిట్ ఇంగ్లీషులో ఉండటం మేలు. డబ్బు సాధారణంగా పేజీని బట్టి కాదు, ఖాళీలతో కలిపి 55 అక్షరాల వరుసకి ఇంత అని లెక్క వేస్తారు. స్టాంపు పేపరు వెనక వైపు కూడా స్కాన్ చేసి పంపండి. ఎవరికి అమ్మారు, ఎవరి కోసం, వెండరు లైసెన్సు నంబరు లాంటివి కొన్నిసార్లు అక్కడే ఉంటాయి, అవీ అనువాదంలో రావాలి. అర్థంకాని సంతకం ఉంటే ‘చదవడానికి వీలుకాని సంతకం’ అని రాస్తారు, గుండ్రటి సీలు ఉంటే లోపలి అక్షరాలతో సహా వర్ణిస్తారు. చివర అనువాదం సరైనది, సంపూర్ణమైనది అన్న వాక్యం, ఊరు, తేదీ, అనువాదకుడి హోదా, సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. ఈసారి ష్టాండెసామ్ట్ ఆవిడ రెండు పేజీలూ వేలు పెట్టి చదివి, ‘లేడిష్’ దగ్గర ఆగి, తలూపి ఫైల్లో పెట్టుకుంది.

అనువాదాన్ని అసలు కాగితం నకలుతో కలిపి పిన్ను కొట్టి, మూల మడిచి, ఆ మడత మీద ముద్ర వేసి ఇస్తారు. జిరాక్సు తీయడానికి ఆ పిన్ను ఊడదీయొద్దు. ఊడదీస్తే చెల్లదు, మళ్ళీ డబ్బులు కట్టాలి.