ప్రశ్నకీ జవాబుకీ మధ్య

నిన్న మా తోటి టీచర్ నా ఎనిమిదో తరగతి లెక్కల క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఒక్క విషయమే చూడమని ముందురోజే అడిగాను: ప్రశ్న వేశాక నేను ఎంతసేపు ఆగుతున్నానో. ఆవిడ కాగితం మీద "తొందరపడ్డారు" అనే మాట ఎక్కడా లేదు. "10.12. ప్రశ్న. ఒక సెకను. జవాబు టీచరే చెప్పారు." అంతే. పదకొండు ప్రశ్నల్లో ఏడింటికి ఇలాగే ఉంది. తీర్పు రాసి ఉంటే నేను కచ్చితంగా వాదించేదాన్ని.

సాయంత్రం కూర్చున్నప్పుడు క్లాసు ఎలా జరిగిందో ముందు నన్నే చెప్పమన్నారు, ఆ తర్వాతే కాగితం నా ముందు పెట్టారు. "ఈ ఏడింటిలో మీకేం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకున్నారు. చూస్తే, అన్నీ 'ఎందుకు' అనే ప్రశ్నలే! పిల్లలు ఆలోచించాల్సిన చోటే నేను ఆగలేదు. సోమవారం మనసులో మూడు దాకా లెక్కపెట్టి చూస్తాను. ఆవిడ మళ్లీ వస్తానన్నారు, ఈసారీ అదొక్కటే చూడటానికి.