వదినకి రాసిన నాలుగు వాక్యాలు

అన్నయ్య పెళ్ళై ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ వదినకి జూన్ 1నే పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాం. అది బళ్ళో చేర్పించినప్పుడు మాస్టారు వేసిన తేదీ. ఆధార్‌లోనూ అదే ఉంది. అసలు తను పుట్టింది కార్తీక మాసంలో, నవంబర్ 19న అని వాళ్ళమ్మగారు ఈమధ్య మాటల్లో అంటే తెలిసింది. వదిన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఏటా నవ్వి థాంక్స్ చెప్పింది. తలుచుకుంటే ప్రాణం చివుక్కుమంది.

ఈసారి సరిగ్గా రాయాలనుకున్నాను. మొదట ఇలా వచ్చింది: ‘మా ఇంటికి మీరు రావడం మా అదృష్టం. మా అన్నయ్యని, మా అమ్మానాన్నల్ని ఇంత బాగా చూసుకుంటున్నందుకు థాంక్స్. మీరు మాకు అమ్మలాంటివారు.’

పైకి చదువుకుంటే ఏదో తేడా కొట్టింది. వరసగా నాలుగు ‘మా’లు, పైన ఒక ‘మాకు’. ‘మా’ అన్నామంటే ఎదుటి మనిషి అందులో లేనట్టే కదా. ‘మన’ అంటేనే ఆవిడా ఉన్నట్టు. సరే, ‘మా’ తీసి ‘మన’ పెట్టి చూశాను. ‘మన ఇంటికి మీరు రావడం’ అంటే అర్థమే కుదరలేదు. తన ఇంటికి తను రావడమేమిటి? ఆ వాక్యం మొత్తం కొట్టేశాను. ‘చూసుకుంటున్నందుకు థాంక్స్’ కూడా పరాయివాళ్ళకి చెప్పే మాటే. ఇక అమ్మలాంటివారు అనడం ఎందుకు, వదిన నాకంటే నాలుగేళ్ళే పెద్ద.

అన్నీ పోయాక మా ఇద్దరికే తెలిసిన ఒక రాత్రి మిగిలింది. అదే రాశాను:

‘వదినా, పుట్టినరోజు శుభాకాంక్షలు. అసలు తేదీ తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది, క్షమించండి. ఇంటర్వ్యూ పోయి హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు, రాత్రి ఒంటిగంటకి పప్పుచారు వేడిచేసి, వడియాలు వేయించి, నేను తినేదాకా ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చున్నారు. అప్పటినుంచీ మన ఇంటికి బయల్దేరానంటే నాకు ముందు మీరే గుర్తొస్తారు.’

‘మీరు’ని ‘నువ్వు’ చేద్దామా అని కాసేపు ఆలోచించాను. మొదటినుంచీ మీరు అనే పిలుస్తున్నాను, ఉన్నట్టుండి మారిస్తే అతికించినట్టుంటుంది. అలాగే ఉంచేశాను. ఫ్యామిలీ గ్రూపులో పెట్టలేదు. అక్కడైతే అందరూ చూస్తుండగా తనూ ఏదో ఒక జవాబు ఇవ్వాల్సి వస్తుంది. పొద్దున్నే ఆరింటికి, వంటింటి హడావుడి మొదలవకముందే, తనొక్కదానికే పంపాను.

చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలు ఏమీ లేదు. నాకు ఒకటే టెన్షన్. తర్వాత వచ్చింది:

‘ఆ రోజు వడియాలు మాడిపోయాయే. చెప్పకుండా తినేశావు. సంక్రాంతికి ఎప్పుడొస్తున్నావు?’